చివరి కామా

మా పాతబస్తీలో ఒక దుకాణం పేరు మూడు లిపుల్లో చదువుకోవడం మాకు అలవాటు. పైన ఉర్దూ, మధ్య ఇంగ్లీషు, కింద తెలుగు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కనుక దాని కామా కూడా మన కామాకు తలక్రిందులుగా తిరిగి ఉంటుంది. మా షాలిబండ పిల్లలు మూడు లిపులూ ఇట్టే చదివేస్తారుగాని, కామా ఎటు తిరిగి ఉందో ఎవరూ చూడరు. చూడవలసిన అవసరం ఏముంది అంటారు. నిజమే, వందకు తొంభై తొమ్మిది మాట్లు అవసరం ఉండదు. ఆ మిగిలిన ఒక్క మాటు గురించే ఈ నాలుగు ముక్కలూ.

పురానీ హవేలీ దగ్గర సివిల్ కోర్టుల నీడన, ఒక వకీలుగారి ఆఫీసులో ముప్పై ఏళ్ల పైచిలుకు టైపు కొట్టాను. టైపు కొట్టేవాడికి మాటల అర్థంతో పని లేదని లోకం అనుకుంటుంది. కాని రోజుకు పది దస్తావేజులు వేళ్ల కింది నుంచి వెళుతూంటే, ఏ వాక్యం దగ్గర ఎప్పుడు పేచీ వస్తుందో ఆ వేళ్లకే తెలిసిపోతుంది. నాకు తెలిసినంతలో పెద్ద పెద్ద మాటల దగ్గర పేచీ తక్కువ. వాటిని అందరూ కళ్లు పెద్దవి చేసుకుని చదువుతారు. పేచీ అంతా చిన్న జాబితాల దగ్గర. ముగ్గురి పేర్లు, నాలుగు వస్తువులు, రెండు పనులు. "ఇందులో ఏముందిలెండి" అని దాటిపోయే చోట్ల.

ముందు ఇంగ్లీషు సంగతి చూద్దాం, కామా మనకు అక్కడి నుంచి వచ్చినదే కాబట్టి. తాటాకుల మీద రాసిన మన పెద్దలకు కామా లేదు. అచ్చుయంత్రంతోపాటు అది మన ఇంట కాలు పెట్టింది. బడి పుస్తకాల్లో స్వల్పవిరామం అని పేరు పెట్టారుగాని, పిలిచేటప్పుడు అందరూ కామా అనే పిలుస్తారు.

ఇంగ్లీషులో మూడు పేర్లు వరసగా చెప్పాలంటే మొదటి పేరు తరువాత కామా పెడతారు, చివరి పేరుకు ముందు "అండ్" పెడతారు. "రాజు, వాణి అండ్ గోపి" అన్నమాట. ఇక్కడ ఒక చిన్న తగవు ఉంది. ఆ "అండ్" ముందు కూడా ఒక కామా ఉండాలా, అక్కరలేదా? ఉండాలనేవారు "రాజు, వాణి, అండ్ గోపి" అని రాస్తారు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయం వారి పద్ధతి అది. అందువల్లనే దానికి ఆక్స్‌ఫర్డు కామా అని పేరు వచ్చింది. అమెరికాలో పుస్తకాలు వేసేవారు చాలామంది దీన్నే పాటిస్తారు. పత్రికలవారు మాత్రం చాలావరకు అక్కరలేదంటారు. "అండ్" అనే మాటే విడదీస్తూంటే, పక్కన మళ్లీ కామా ఎందుకు, ఒక తలుపుకు రెండు గొళ్లేలా అని వారి వాదం.

రాజు, వాణి, గోపి కలిసి సినిమాకు వెళ్లారంటే ఆ కామా ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. కాని ఆ ముగ్గురికీ ఒక పొలం సమానంగా చెందాలని రాస్తే? కామా ఉంటే మూడు వాటాలు. లేకపోతే చదివేవాడి బుద్ధిని బట్టి రెండు వాటాలు కూడా కావచ్చు: రాజుకు సగం, వాణికీ గోపికీ కలిపి మిగతా సగం. వాణి, గోపి భార్యాభర్తలైతే ఆ రెండో అర్థానికి బలం ఇంకా పెరుగుతుంది. మాటలు అవే. మధ్యలో చుక్కకు తోక ఉందా లేదా అన్నదే తేడా.

ఇది కోర్టులకే పరిమితం అనుకోకండి. మా వీధిలో ఒక పెళ్లికి ఛత్తాబజారులో కార్డులు కొట్టించారు. ఛత్తాబజారు అంటే తెలియనివారికోసం చెబుతున్నాను: చార్మినారుకు కూతవేటు దూరంలో, శుభలేఖల దుకాణాలు ఒకదాన్ని ఒకటి రాసుకుంటూ ఉండే బజారు అది. ఒకప్పుడు ఉర్దూ అక్షరాలు కలంతో రాసే కాతిబులకు పేరుపడ్డ చోటు. అక్కడ ఒకే కార్డు మీద మూడు భాషలూ వేస్తారు. ఆ పెళ్లి కార్డులో ఒకవైపు తెలుగు, రెండోవైపు ఇంగ్లీషు. ఆహ్వానించేవారి వరసలో పెళ్లికూతురి మేనమామలను చెప్పి, ఆ తరువాత కుటుంబానికి చిరకాల మిత్రులైన ఇద్దరి పేర్లు చెప్పాలి. మిత్రుల పేర్లు మార్చి, రామయ్య, కృష్ణయ్య అనుకుందాం.

ఇంగ్లీషు వైపు ఇలా వచ్చింది: "మై అంకుల్స్, రామయ్య అండ్ కృష్ణయ్య." చివరి కామా లేదు. అది లేకపోయేసరికి రామయ్య, కృష్ణయ్య అన్నవి మేనమామల పేర్లయి కూర్చున్నాయి. అసలు మేనమామలు ముగ్గురు. కార్డు చేతికందిన సాయంత్రమే పెద్ద మేనమామ గుమ్మంలోకి వచ్చి, "అక్కయ్యా, మేం బతికుండగానే మా స్థానంలో ఎవరినో కూర్చోబెట్టావే!" అన్నాడట. ఆమెకు ఇంగ్లీషు రాదు. "అదేమిట్రా తమ్ముడూ, నువ్వు లేకుండా పెళ్లేమిటి?" అని బిత్తరపోయింది. బుట్టలో పెళ్లికూతుర్ని మోసుకు రావలసిన మనిషి మూడు రోజులు ఈ గుమ్మం తొక్కలేదు. "అంకుల్స్, రామయ్య, అండ్ కృష్ణయ్య" అని ఇంకో కామా వేసి ఉంటే మేనమామలు వేరు, ఆ ఇద్దరూ వేరు అని తేలిపోయేది.

చిత్రం ఏమిటంటే, అదే కార్డు తెలుగు వైపు ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. తెలుగు మాటలు పెళ్లికూతురి నాయనమ్మ నోట చెప్పి రాయించినవి. "మేనమామలూ, రామయ్యగారూ, కృష్ణయ్యగారూ ఆహ్వానిస్తున్నారు" అని ఉంది. ఆ కార్డు తీసుకుని కామాలన్నీ గోటితో గీకిపారెయ్యండి, అర్థం చెక్కుచెదరదు. ఎందుకని? ప్రతి మాట చివరా అచ్చు దీర్ఘమైంది. "లూ", "రూ", "రూ". ఆ దీర్ఘమే మన "అండ్". ఇంగ్లీషువాడు మూడింటికీ కలిపి చివర ఒక్క "అండ్" పెడితే, తెలుగువాడు ప్రతిదానికీ ఒకటి పెడతాడు. ఎన్ని దీర్ఘాలో అంతమంది. లెక్క తప్పే వీలు లేదు. నాయనమ్మ వ్యాకరణం చదువుకోలేదు. అందరూ మాట్లాడినట్టే చెప్పింది.

ఇప్పుడు కోర్టు సంగతికి వస్తాను. ఒక్క కామా విలువ ఎంత అని అడిగితే, అమెరికాలో దానికి యాభై లక్షల డాలర్ల జవాబు ఉంది. మెయిన్ అనే రాష్ట్రంలో ఓక్‌హర్స్ట్ డెయిరీ అని ఒక పాల కంపెనీ. దాని లారీ డ్రైవర్లు తమకు అదనపు గంటలకు అదనపు జీతం రావాలని దావా వేశారు. ఆ రాష్ట్ర చట్టం ప్రకారం, పాడైపోయే తిండిపదార్థాలకు సంబంధించిన కొన్ని పనులు చేసేవారికి ఆ అదనపు జీతం ఇవ్వనక్కరలేదు. ఆ పనుల జాబితా చట్టంలో వరసగా ఉంది: డబ్బాల్లో నింపడం, ఆరబెట్టడం, నిలవచెయ్యడం, అలా సాగి సాగి చివరకు "ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్" అని ముగుస్తుంది. "షిప్‌మెంట్" తరువాత కామా లేదు.

కంపెనీవారు చదివిన తీరు ఇది: రవాణాకోసం ప్యాక్ చెయ్యడం ఒక పని, పంపిణీ చెయ్యడం ఇంకో పని. డ్రైవర్లు పంపిణీ చేస్తారు కనుక వారికి అదనపు జీతం లేదు. డ్రైవర్లు చదివిన తీరు వేరు: రవాణాకోసమో పంపిణీకోసమో ప్యాక్ చెయ్యడం అనే ఒక్కటే పని అక్కడుంది. మేం లారీ తోలుతాం, ప్యాక్ చెయ్యం. కాబట్టి ఆ జాబితాలో మేం లేం. 2017 మార్చిలో అప్పీలు కోర్టు, వాక్యం రెండు విధాలుగానూ చదవవచ్చు కాబట్టి కార్మికుడికి మేలైన అర్థమే తీసుకోవాలని డ్రైవర్ల పక్షాన తీర్పు చెప్పింది. 2018లో కంపెనీ యాభై లక్షల డాలర్లకు రాజీ పడింది. ఆ తరువాత శాసనసభవారు జాబితాను సవరించి, పనుల మధ్య కామాలు తీసేసి సెమికోలన్లు పెట్టారు. "పంపిణీ" అన్న పనిని విడిగా నిలబెట్టారు.

మన దేశంలోనూ ఇలాంటిది ఉంది, అంత డబ్బుతో కాకపోయినా మనిషి స్వేచ్ఛతో ముడిపడింది. 1940 నాటి మందుల చట్టంలో, లైసెన్సు లేకుండా మందుల వ్యాపారం చేసేవారికి శిక్ష చెప్పే ఇరవై ఏడో సెక్షను ఉంది. అప్పట్లో అందులో నేరాల వరస ఇలా ఉండేది: అమ్మడానికి తయారు చేసినా, అమ్మినా, ఆపైన "స్టాక్స్ ఆర్ ఎగ్జిబిట్స్ ఫర్ సేల్", అంటే నిలవ ఉంచినా, అమ్మకానికి ప్రదర్శించినా. మరి మందులు ఊరికే నిలవ ఉంచుకోవడమే నేరమా, అమ్మడంకోసం నిలవ ఉంచితేనే నేరమా? మహమ్మద్ షబ్బీర్ అనే వ్యక్తికీ మహారాష్ట్ర ప్రభుత్వానికీ మధ్య నడిచిన ఆ కేసు 1979 నాటి సుప్రీంకోర్టు రిపోర్టుల్లో ఉంది. "స్టాక్స్" తరువాత కామా లేదు, కనుక చివరనున్న "అమ్మకానికి" అన్న మాట వెనక్కు పోయి దాన్ని కూడా పట్టుకుంటుంది, ఒట్టి నిలవ నేరం కాదు, అమ్మకానికి నిలవ ఉంచితేనే నేరం అని కోర్టు చెప్పింది.

రెండు కేసుల్లోనూ పేచీ ఒకటే, గమనించారా? కామా లేకపోతే చివరి రెండు అంశాలూ అతుక్కుపోతాయి. అతుక్కుపోయాక, వాటికి ముందో వెనుకో ఉన్న మాట ఒకదానికే చెందుతుందా, రెండింటికీ చెందుతుందా అన్న ప్రశ్న పుడుతుంది. అక్కడ "ప్యాకింగ్" ముందుకు ఎంత దూరం చెయ్యి చాపింది అన్నది ప్రశ్న. ఇక్కడ "అమ్మకానికి" వెనక్కు ఎంత దూరం చెయ్యి చాపింది అన్నది ప్రశ్న. కామా అనేది ఆ చేతికి అడ్డుగా కట్టిన పిట్టగోడ.

అయితే పిట్టగోడ పిట్టగోడే, కోటగోడ కాదు. మన సుప్రీంకోర్టే 1952లో అశ్వినీకుమార్ ఘోష్ కేసులో, చట్టానికి అర్థం చెప్పేటప్పుడు విరామచిహ్నాలు చిన్న విషయమని, మాటల అర్థం స్పష్టంగా ఉన్నచోట వాటికోసం దాన్ని మార్చరాదని అభిప్రాయపడింది. ఒక కేసులో కామాకు విలువ, ఒక కేసులో లేదు. అంటే ఏమిటి? కామా మీద ఆశ పెట్టుకుని రాసిన వాక్యం పందెంలో పెట్టిన వాక్యమే.

ఇంకొక మాట. చివరి కామా ఎప్పుడూ పెడితే చాలు, తగవు తీరుతుందని కొందరంటారు. అదీ నిజం కాదు. పైన చెప్పిన కార్డులోనే "అంకుల్స్" బదులు ఒక్క "అంకుల్" ఉందనుకోండి. "మై అంకుల్, రామయ్య, అండ్ కృష్ణయ్య" అని కామా వేశాం. ఇప్పుడు మనుషులు ఎందరు? మేనమామ పేరే రామయ్య అయితే ఇద్దరు. రామయ్య వేరే మనిషైతే ముగ్గురు. అనుమానాన్ని పుట్టించింది ఇక్కడ కామాయే. దాన్ని తీసేసి "మై అంకుల్, రామయ్య అండ్ కృష్ణయ్య" అంటే, ఒక్క మేనమామకు రెండు పేర్లుండవు కనుక ముగ్గురని సులువుగా తేలుతుంది. ఒకచోట మందైనది ఇంకోచోట జబ్బు. ఆ పరిస్థితిలో చెయ్యవలసింది కామా మార్చడం కాదు, వరస మార్చడం. "రామయ్య, కృష్ణయ్య అండ్ మై అంకుల్" అంటే ఏ కామా పెట్టినా పెట్టకపోయినా ముగ్గురే.

ఇంతవరకూ విని, "మన తెలుగుకు ఈ బాధ లేదుగదా, దీర్ఘం ఉంది గదా" అని మీరనవచ్చు. ఉంది. కాని మనమే దాన్ని పారేసుకుంటున్నాం. మాట్లాడేటప్పుడు "కూరా, పులుసూ, పెరుగూ వడ్డించు" అంటాం. కలం పట్టుకోగానే "కూర, పులుసు మరియు పెరుగు" అని రాస్తాం. ఆ "మరియు" ఇంగ్లీషు "అండ్" వేసుకున్న తెలుగు చొక్కా. ఆఫీసు కాగితాలు తర్జుమా చేసేవారు దాన్ని అలవాటు చేశారు. దీర్ఘాలు తీసి ఒక్క "మరియు" పెట్టామంటే, ఇంగ్లీషువాడి అనుమానాన్ని కూడా బాడుగ లేకుండా ఇంటికి తెచ్చుకున్నట్టే. "రాజు, వాణి మరియు గోపి" అంటే మూడు వాటాలా, రెండా? మళ్లీ మొదటికి వచ్చాం.

దస్తావేజులు రాసేవారు దీర్ఘం మానడానికి ఒక కారణం లేకపోలేదు. "గోపీ" అని దీర్ఘం తీస్తే అసలు పేరు గోపియా, గోపీయా అని తరువాత ఎవరైనా లాగవచ్చు. పేరు మారకూడదని వారి భయం. దానికి ఉపాయం తేలిక. పేరును ముట్టుకోకుండా పక్కన "గారు" చేర్చి దీర్ఘం దానికివ్వండి. "రాజుగారూ, వాణిగారూ, గోపిగారూ." లేదా విభక్తికివ్వండి. "రాజుకూ, వాణికీ, గోపికీ." పేరు పేరుగానే ఉంటుంది, లెక్క లెక్కగా ఉంటుంది.

విభక్తి అనగానే మా వీధి చివరి ఇంటి పెద్దాయన కాగితం జ్ఞాపకం వస్తుంది. ఆయనకు రోడ్డు మీద మూడు మల్గీలున్నాయి. మూడింటికీ కలిపి నెలకు ఇరవై నాలుగు వేలు కిరాయి వస్తుంది. ఇద్దరు కొడుకులు. పెద్దాయనకు ఇద్దరు పిల్లలు. చిన్నాయన చిన్నవయసులోనే పోయాడు. అతనికి ముగ్గురు పిల్లలు, కోడలు కుట్టుమిషను పెట్టుకుని వాళ్లను చదివిస్తూంది. పెద్దాయన తన చేత్తో విల్లు రాసుకుని, ఒకసారి చూడమని నా దగ్గరికి తెచ్చారు. అందులో ముఖ్యమైన వాక్యం ఇది: "నా తర్వాత మల్గీల కిరాయి పెద్దబ్బాయి, చిన్నబ్బాయి పిల్లలకు సమానంగా చెందాలి."

"ఇండ్ల తప్పేమున్నది సారూ? సక్కగనే రాసిన గదా," అన్నారు.

"తప్పు లేదు బాపూ. కాని దీన్ని మూడు తీర్ల చదవొచ్చు. మీరు ఏ తీరు అనుకున్నారో చెప్పండి," అని కాగితం మీద లెక్క వేసి చూపించాను.

మొదటి తీరు: "పిల్లలకు" అన్న మాట కొడుకులిద్దరికీ తగులుతుంది. అంటే పెద్దబ్బాయి పిల్లలు ఇద్దరు, చిన్నబ్బాయి పిల్లలు ముగ్గురు, మొత్తం అయిదుగురు. తలా నాలుగు వేల ఎనిమిది వందలు. పెద్దబ్బాయికి స్వయంగా ఏమీ రాదు. రెండో తీరు: పెద్దబ్బాయి ఒక మనిషి, చిన్నబ్బాయి పిల్లలు ముగ్గురు, మొత్తం నాలుగు తలలు. తలా ఆరు వేలు. అంటే పెద్దబ్బాయికి ఆరు వేలు, ఆ పిల్లలకు పద్ధెనిమిది వేలు. మూడో తీరు: పెద్దబ్బాయిది ఒక పక్షం, చిన్నబ్బాయి పిల్లలది ఒక పక్షం. ఇటు పన్నెండు వేలు, అటు పన్నెండు వేలు. పిల్లలకు తలా నాలుగు వేలు.

పెద్దాయన చాలాసేపు ఆ అంకెలు చూశారు. "నేననుకున్నది ఆఖరిది. చెరి సగం. కొడుకు పోయిండని వాని ఇంటికి తక్కువ గావద్దు, ఉన్నోనికి అన్యాలం గావద్దు," అన్నారు. తరువాత నెమ్మదిగా, "నేను లేనప్పుడు ఈ మాట ఎవలు చెప్పాలె?" అని అడిగారు.

అదే విల్లుకున్న చిక్కు. ఉత్తరంలో అనుమానం వస్తే తిరుగు టపాలో అడగవచ్చు. విల్లు చదివేనాటికి రాసినవాడు ఉండడు. 1925 నాటి వారసత్వ చట్టం విల్లులో పెద్ద పెద్ద లాయరు మాటలు ఉండనక్కరలేదంటుంది, రాసినవాడి ఉద్దేశం తెలిస్తే చాలునంటుంది. అదే చట్టం, నిశ్చయమైన ఉద్దేశం తేలకపోతే ఆ ఏర్పాటు చెల్లదని కూడా అంటుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న స్థలంలోనే అన్నదమ్ముల పిల్లలు ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కుతారు.

ఆ వాక్యాన్ని కామాతో బాగుచెయ్యగలమా అని ఇద్దరం ప్రయత్నించాం. కామా ఇప్పటికే ఉంది, అనుమానం తీరలేదు. తీసేస్తే ఇంకా పెరిగింది. తరువాత నాయనమ్మ మంత్రం వేశాం: "పెద్దబ్బాయికీ, చిన్నబ్బాయి పిల్లలకూ సమానంగా." ఇప్పుడు "కీ" ఒకటి, "కూ" ఒకటి, ఎవరి విభక్తి వారికి వచ్చింది. పెద్దబ్బాయి స్వయంగా నిలబడ్డాడు. మొదటి తీరు పోయింది. అయిదు భాగాల మాట ఇక లేదు. కాని నాలుగు తలలా, రెండు పక్షాలా అన్నది మాత్రం అలాగే ఉంది. ఆ అనుమానం జాబితాలోది కాదు, "సమానంగా" అన్న మాటలోది. దానికి కామా గాని, దీర్ఘం గాని ఏమీ చెయ్యలేవు.

అంచేత ఒక వాక్యాన్ని రెండు చేశాం. "కిరాయిలో సగం నా పెద్దకొడుకుకు చెందాలి. మిగతా సగం కీర్తిశేషుడైన నా చిన్నకొడుకు పిల్లలు ముగ్గురికీ తలా సమానంగా చెందాలి." ముగ్గురి పేర్లూ విడివిడిగా వేశాం. జాబితాయే లేదు కనుక జాబితా తగవు లేదు. పెద్దాయన ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేశారు, వారూ సంతకాలు చేశారు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాకపోయినా, ఆ పని కూడా చేయించుకున్నారు. వెళుతూ కోడలికి ఆ కాగితం నకలొకటి ఇచ్చి, "సదువుకో బిడ్డా, నాకు సమజైనట్టే నీకూ సమజైతున్నదా చెప్పు," అన్నారట. అంతకన్న మంచి పరీక్ష నాకు తెలియదు. రాసినవాడు కాక, డబ్బు రావలసినవాడు చదివితేనే వాక్యంలో చిల్లులు కనిపిస్తాయి.

ఇంట్లో ఆడవాళ్లకు విల్లులతో పనిలేదుగాని, జాబితాలతో ఉంది. పెళ్లి మాటల్లో పెట్టుపోతల పట్టీ రాసుకుంటారు గదా. "వెండి కుంకుమభరిణె, గంధపుగిన్నె, చెంబు, పళ్లెం" అని రాశారనుకోండి. వెండి ఎంతవరకు? భరిణెకేనా, పళ్లెం దాకానా? ఇచ్చేవారు మొదటి మాట దగ్గర ఆగుతారు, పుచ్చుకునేవారు చివరి మాటదాకా వెళతారు. ఇంగ్లీషు కేసులో చివర ఉన్న మాట వెనక్కు చెయ్యి చాపితే, మన భాషలో ఇలా ముందున్న మాట ముందుకు చాపుతుంది. ఎన్ని కామాలు పెట్టినా ఇది తీరదు.

ఇలాంటి చోట మా ఇంట్లో పాటించే పద్ధతి చెబుతాను. పట్టీ రాశాక, మొదటి వస్తువును తీసి చివర పెట్టి చదవండి. "గంధపుగిన్నె, చెంబు, పళ్లెం, వెండి కుంకుమభరిణె." అర్థం మారకపోతే పట్టీ బాగున్నట్టే. వెండి పళ్లెం కాస్తా స్టీలు పళ్లెం అయిపోతే, అనుమానం అక్కడుందన్నమాట. అన్నీ వెండివైతే "ఇవన్నీ వెండివి" అని కింద ఒక ముక్క రాయండి. ఒకటే వెండిదైతే దాన్ని చివర పెట్టండి. మా ఆవిడ ఇంకా తేలికగా చేస్తుంది. ఒక్కొక్క వస్తువు ఒక్కొక్క వరసలో, పక్కన వెండో స్టీలో, తూకమెంతో వేస్తుంది. "మీ కామాల గొడవ నాకెందుకండీ, కాగితం చవకేగా!" అంటుంది.